పెళ్లి టెంట్ అద్దెకు తీసుకునేవారికి హెచ్చరిక: డ్రమ్ముల మూతలు తీసి చూడండి

మా అమ్మాయి పెళ్లి రోజు సాయంత్రం, కల్యాణమండపాన్ని ఆనుకుని ఉన్న ఆవరణలో వేయించిన టెంట్ ఈదురుగాలికి కూలిపోయింది. ముగ్గురు అతిథులకు దెబ్బలు తగిలాయి. వారిలో ఒక పెద్దావిడకు భుజం దగ్గర ఎముక విరిగింది. నిర్వాహకుడికీ బీమా సంస్థకూ ఇవ్వవలసిన నివేదికను నేనే రాశాను. ఆ పనిలో నాకు తెలిసివచ్చినది, టెంట్ మాట్లాడుకోబోయేవారికి ముందే తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

‘అంత గాలి వస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు’ అన్నదే ఆ రాత్రి టెంట్ వారి మాట. దగ్గరలోని వాతావరణ కేంద్రం నుంచి ఆ గంట వివరాలు తీసుకుంటే, గాలి విసురు గంటకు 54 కిలోమీటర్లు దాటలేదని తేలింది. బలమైన గాలే, కానీ వానాకాలంలో ఊహించలేనిది కాదు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువుతో నెడితే, 54 కిలోమీటర్ల గాలి 13 కిలోలకు పైగా నెడుతుంది. మా టెంట్ 10 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, అంటే 200 చదరపు మీటర్లు. కప్పు ఆకారాన్ని బట్టి లెక్క మారుతుంది గానీ, ఉజ్జాయింపుగా 2,700 కిలోల బలం దాన్ని పైకి లేపడానికి ప్రయత్నించిందని అనుకోవచ్చు.

అందులో సగం, అంటే 1,350 కిలోల బలాన్ని ఆపవలసిన వైపు నేల సిమెంటుది. అక్కడ మేకులు దిగవు కాబట్టి 200 లీటర్ల నీటి డ్రమ్ములు ఆరింటికి తాళ్లు కట్టారు. నిండుగా ఉన్నా అవి 1,200 కిలోలే. కూలిన తరువాత మూత తీసి కర్ర ముంచి చూస్తే తడి సగం దాకానే ఉంది. ఆరు డ్రమ్ములూ అంతే. అంటే నిలబెట్టిన బరువు 600 కిలోలు, దానికి తోడు ఇనుప చట్రం బరువు. రెండో వైపు మట్టిలో దిగిన మేకులు, మధ్యాహ్నపు వానకు నేల మెత్తబడటంతో, వంగకుండానే తిన్నగా పైకి ఊడివచ్చాయి. పైగా జల్లు పడుతోందని మూడు వైపులా పరదాలు బిగించి, గాలి వచ్చే వైపు మాత్రం తెరిచి ఉంచారు. లోపలికి దూరిన గాలికి బయటికి దారి లేక కప్పును ఎత్తింది. అతిథులు బయటికి పరుగెత్తబోతే అడ్డుపడినవి కూడా ఆ పరదాల ముడులే. దీపాల తీగలు తడినేల మీద పడినప్పుడు జనరేటర్ ఎవరు ఆపాలో కూడా ఎవరికీ చెప్పి ఉంచలేదు. మావాడొకడు వెళ్లి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చేయి వణుకుతోంది.

ఈదురుగాలుల హెచ్చరిక మధ్యాహ్నమే వచ్చింది. అయితే ఎంత గాలికి టెంట్ ఖాళీ చేయాలో, ఆ మాట చెప్పే అధికారం ఎవరిదో మా ఒప్పందంలో లేదు. మీ ఒప్పందంలో ఆ వేగాన్ని అంకెలతో రాయించండి, గాలి కొలిచే చిన్న పరికరం పట్టుకునే మనిషి ఎవరో కూడా రాయించండి. అడ్వాన్సు ఇచ్చే ముందే ఏ వైపు మేకులు, ఏ వైపు బరువులు, ఎన్ని కిలోలు అని అడగండి. వేసిన రోజున డ్రమ్ముల మూతలు మీరే తీసి చూడండి.

దురదృష్టవశాత్తు కూలిపోతే, ముందు మనుషులను, తరువాత సాక్ష్యాన్ని కాపాడుకోండి. గాయపడిన వారిని పంపి వచ్చేసరికి టెంట్ పనివారు తాళ్లు విప్పేస్తున్నారు. డ్రమ్ముల నీరు ఒలకబోసి ఉంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు. వారిని ఆపి, కర్ర పక్కన టేపు పెట్టి, ఊడిన మేకుల గుంతలను, పరదాల ముడులను వేళతో సహా ఫొటోలు తీయించాను.

నివేదిక మొదటి ప్రతిలో ‘నాసిరకం పని’ అని రాశాను. దాన్ని కొట్టేసి, చూసినది ఒకచోట, ఊహించినది వేరొకచోట రాయమని బీమా సర్వేయర్ సూచించారు. ఆయన మాట నిజమే. తుపాను నష్టానికి బీమా వర్తించినా, బిగింపు లోపం అని తేలితే తిరస్కరించే షరతు మా పాలసీలో ఉంది. కాబట్టి నష్టం ఎవరు భరించాలన్నది గాలి వేగం మీదా, డ్రమ్ములోని నీటి మట్టం మీదా ఆధారపడింది. అతిథుల వైద్య ఖర్చుకు వేరే బాధ్యతా బీమా కావాలి; టెంట్ వారికి అది ఉందో లేదో నేను ముందు అడగలేదు. బిగింపు తనిఖీ పత్రం ఇవ్వమని సర్వేయర్ టెంట్ వారికి రెండుసార్లు లేఖ రాశారు. అది ఇంతవరకు రాలేదు.