కౌంటర్ స్ట్రైక్ ప్రిడిక్షన్ షీట్ కొనబోతున్నారా? వీటో ఆర్డర్ అడిగే గడి ఉందో లేదో ముందు చూడండి

వైజాగ్‌లో కౌంటర్ స్ట్రైక్ 2 మ్యాచ్‌లు చూసేవాళ్ళకి, ముఖ్యంగా టెలిగ్రామ్‌లో "మ్యాప్ విన్ రేట్ షీట్, ఫెయిర్ ఆడ్స్ ఆటోమేటిక్" అనే పోస్ట్ చూసి చెయ్యి దురద పెడుతున్నవాళ్ళకి ఇది. నేను 2,999 రూపాయలు పెట్టి కొన్నాను, పోయాయి. అమ్మినవాడి పేరు ఇక్కడ రాయను, షీట్‌లో ఉన్న లోపం చెప్తాను, ఎందుకంటే అదే లోపం ఇలాంటి షీట్లన్నిట్లో ఉండొచ్చు.

ముందే ఒక మాట. మా మద్దిలపాలెం బ్యాచ్ ఆడేది పాయింట్లతోనే, నెలాఖరుకి తక్కువ వచ్చినవాడు ఆర్కే బీచ్‌లో అందరికీ మురీ మిక్చర్ కొనిపెట్టాలి, అంతే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. కాబట్టి ఈ షీట్ పట్టుకుని ఎవరైనా నిజం డబ్బు పెడితే అది ఇంకో తలనొప్పి, ఆ సంగతి నేను ఇక్కడ ఎత్తను.

షీట్ ఏం చేస్తుందంటే, రెండు జట్ల పేర్లు ఇస్తే ఒక్కో మ్యాప్‌లో ఎవరికెంత గెలుపు శాతమో చూపించి, అన్నిటి సగటు తీసి, ఆ సగటుతో సిరీస్ గెలిచే అవకాశం లెక్కగట్టి ఆడ్స్ ఇస్తుంది. చూడ్డానికి రంగులతో భలే ఉంటుంది. అయితే రెండో రోజే నాకు అనుమానం వచ్చింది, వీటోలో, అంటే మ్యాప్‌లు తీసేసి ఎంచుకునే వరసలో, మొదట బ్యాన్ చేసేది ఎవరో నింపడానికి ఎక్కడా గడి లేదు. మెసేజ్ పెట్టి అడిగాను. "అదంతా యావరేజ్‌లో కలిసిపోద్ది బ్రో" అన్నాడు.

కలిసిపోదు. ఎందుకో ఒక లెక్కతో చెప్తా, అంకెలు నేనే వేసుకున్నవి. మ్యాప్‌లు మాత్రం 2025 అక్టోబర్‌లో నేను కొన్నప్పుడు పోటీల్లో ఆడుతున్న ఏడే. ఎర్ర జట్టు, నీలి జట్టు అనుకుందాం. ఎర్ర జట్టు గెలిచే అవకాశం న్యూక్‌లో 66 శాతం, ఇన్‌ఫెర్నోలో 60, డస్ట్ 2లో 52, మిరాజ్‌లో 50, ఏన్షెంట్‌లో 45, ఓవర్‌పాస్‌లో 36. ఏడోది ట్రైన్, అది రెండు జట్లూ అసలు ప్రాక్టీస్ చెయ్యవు, ఎప్పుడూ మొదటి బ్యాన్ దానికే. కథంతా ఈ ట్రైన్ దగ్గరే తిరుగుతుంది.

బెస్ట్ ఆఫ్ త్రీలో మామూలుగా ఒకరు బ్యాన్, ఇంకొకరు బ్యాన్, తర్వాత అదే వరసలో ఒకరు పిక్, ఇంకొకరు పిక్, మళ్ళీ చెరో బ్యాన్, మిగిలిన మ్యాప్ డిసైడర్. ఎర్ర జట్టు మొదట మొదలుపెట్టిందనుకోండి. ట్రైన్ అంటే భయం కాబట్టి తన బ్యాన్ దానిమీద ఖర్చుపెట్టేస్తుంది. నీలి జట్టుకి ఆ ట్రైన్ బాధ ఊరికే తీరిపోయింది, తన బ్యాన్‌తో నేరుగా న్యూక్‌ని లేపేస్తుంది. ఎర్ర జట్టు ఇన్‌ఫెర్నో తీసుకుంటుంది, నీలి జట్టు ఓవర్‌పాస్, ఇక ఏన్షెంట్, డస్ట్ 2 చెరొకరు కొట్టేస్తే మిరాజ్ మిగులుతుంది. అంటే 60, 36, 50. సిరీస్ గెలుపుకి లెక్క ఇది:

```
P = a*b + a*(1-b)*c + (1-a)*b*c
```

a, b, c అంటే మూడు మ్యాప్‌ల అవకాశాలు. వచ్చేది 0.48. ఒకటిని దాంతో భాగిస్తే ఫెయిర్ ఆడ్స్, దాదాపు 2.08.

ఇప్పుడు వరస తిప్పండి, నీలి జట్టు మొదలుపెడుతుంది. ట్రైన్ బ్యాన్ వాళ్ళ నెత్తిన పడింది, ఎర్ర జట్టు హాయిగా ఓవర్‌పాస్ లేపేస్తుంది. నీలి జట్టు ఏన్షెంట్ పిక్, ఎర్ర జట్టు న్యూక్ పిక్, ఇన్‌ఫెర్నో, మిరాజ్ పోయి డస్ట్ 2 మిగులుతుంది. 45, 66, 52. అదే ఫార్ములాలో పెడితే 0.565, ఆడ్స్ 1.77. జట్లు అవే, శాతాలు అవే, ఎవరు ముందు కూర్చున్నారనే దానితో ఎనిమిది శాతం పైగా తేడా.

షీట్ ఏం చెప్పింది? ఆరు మ్యాప్‌ల సగటు 51.5, దాన్నుంచి సిరీస్ 52 శాతం, ఆడ్స్ 1.91. రెండు సందర్భాల్లోనూ అదే అంకె. తమాషా ఏంటంటే పైన వచ్చిన 48, 56.5 సగటు తీసినా దాదాపు 52 వస్తుంది. అందుకే వాడు పాత మ్యాచ్‌ల ఫలితాలు చూపించి "చూడు, సరిపోయింది" అనగలిగాడు. వీటో వరస తెలియనంత వరకు ఆ అంకె తప్పు కాదు. తెలిశాక మాత్రం పనికిరాదు. మొదటి సందర్భంలో మార్కెట్‌లో ఎర్ర జట్టుకి 1.98 కనిపిస్తే షీట్ ఆకుపచ్చ రంగు వేసి "వాల్యూ" అంటుంది, నిజానికి 0.48ని 1.98తో గుణిస్తే 0.95, అంటే వంద పాయింట్లు పెడితే ఐదు పోయే బేరం.

మ్యాప్ విన్నర్ మార్కెట్‌లో ఇంకా దారుణం. మొదటి మ్యాప్ అంటే ముందు పిక్ చేసినవాళ్ళ మ్యాప్. ఎర్ర జట్టు ముందైతే అది ఇన్‌ఫెర్నో, ఆడ్స్ 1.67. నీలి జట్టు ముందైతే ఏన్షెంట్, 2.22. షీట్ మాత్రం ఏ మ్యాప్‌కైనా 1.94 అని గుడ్డిగా రాస్తుంది.

అందరి మ్యాచ్‌ల్లోనూ ఇంత తేడా రాదులెండి. ఒకరి చెత్త మ్యాప్ ఇంకొకరికి బలమైనదైతే, ఎవరు ముందు మొదలుపెట్టినా చాలావరకు అవే మూడు మ్యాప్‌లు మిగులుతాయి, నేను వేసి చూశాను. ఇద్దరూ ఒకే మ్యాప్‌కి పారిపోతున్నప్పుడే రెండో బ్యాన్ వాడికి లాభం. కాబట్టి ముందు చూడాల్సింది ఆ మొదటి బ్యాన్‌ల చరిత్ర. అప్పుడప్పుడు ఎవరో తెగించి ట్రైన్‌ని వదిలేసి ఎదుటివాడి చేత బ్యాన్ చేయించడానికి చూస్తారు, అందుకే నా లెక్క కూడా వీటో పూర్తయి ఏడు మ్యాప్‌ల సంగతి తేలేదాకా అంచనానే. టోర్నీని బట్టి ఆఖరి బ్యాన్‌ల వరస మారుతుంది, అది రూల్స్‌లో చూసుకోండి.

ఇంకొకటి, ఆ శాతాలు ఎక్కడివి? ఒక జట్టుకి ఏన్షెంట్‌లో 100 శాతం అని చూపించింది, తవ్వితే ఆడింది మూడు మ్యాచ్‌లు. నేనైతే ప్రతి మ్యాప్‌కీ ఐదు గెలుపులు, ఐదు ఓటములు ఊరికే కలిపి చూస్తాను, అప్పుడు ఆ మూడింటికి మూడు కాస్తా 61.5 శాతానికి దిగుతుంది. అది నమ్మబుద్ధేసే అంకె.

ఇవన్నీ వివరంగా రాసి డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. "ఏటి గురూ, లెక్కల మేస్టారివా?" అని నవ్వే బొమ్మ పెట్టి బ్లాక్ చేశాడు. యూపీఐ వివరాలతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా ఏమీ తేలలేదు.

మొన్న మా వాడొకడు కొత్త ఛానెల్ స్క్రీన్‌షాట్ పంపాడు, అదే షీట్, ఇప్పుడు 4,999 అట. వరసల్లో చూస్తే అనూబిస్ ఉంది, ఓవర్‌పాస్ లేదు. 2025 జూలైలోనే పోటీ మ్యాప్‌ల్లోంచి అనూబిస్‌ని తీసేసి దాని చోట ఓవర్‌పాస్ పెట్టారు. నాకు అమ్మినప్పుడు కూడా అలాగే ఉంది, ఓవర్‌పాస్ నేనే చేత్తో ఎక్కించుకున్నాను.