ఇంటి నాస్‌ను వెబ్‌డావ్ మీద మూడేళ్లు వాడాక

మేముండేది బెంగళూరు కేఆర్ పురంలో. మా ఆవిడ సైట్ ఇంజినీరు, వారంలో నాలుగు రోజులు హొసకోటే దగ్గరో దేవనహళ్లి దగ్గరో ఏదో ఒక సైట్లో ఉంటుంది. నాన్న హిందూపురంలో. మూడేళ్ల కిందట నాస్, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే రెండు డిస్కుల పెట్టె కొన్నప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే, అందులోని ‘పని’ ఫోల్డర్ ఆవిడ ల్యాప్‌టాప్‌లో, కాగితాల ఫోల్డర్ నాన్న ఫోన్లో, ఇంట్లో ఉన్నట్టే తెరుచుకోవాలి. దానికి వెబ్‌డావ్ పెట్టాను. ఇప్పటికీ అదే నడుస్తోంది, కానీ మొదటి ఏడాది నడిచిన తీరు వేరు, ఇప్పుడు నడుస్తున్న తీరు వేరు. రాయాలనిపించింది ఆ తేడా గురించే.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వెబ్ పేజీలు తెచ్చే హెచ్‌టీటీపీకే ఫోల్డర్ చూపించు, పేరు మార్చు, తాళం వెయ్యి లాంటి ఇంకొన్ని ఆజ్ఞలు కలిపితే అదే వెబ్‌డావ్. 1999 నాటి పాత సరుకు. ఇంట్లో వైఫై మీద ఫోల్డర్లు పంచుకోవడానికి వాడే ఎస్‌ఎంబీని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం ప్రమాదం, పైగా దాని 445 పోర్టును చాలా నెట్‌వర్క్‌లు అసలు దాటనివ్వవు. వీపీఎన్ పెట్టుకోవచ్చు కదా అంటారు. నిజమే, నాకు నేను అదే వాడతాను, కానీ ఆవిడ ల్యాప్‌టాప్ కంపెనీది, అప్పట్లో అందులో ఏదీ ఇన్‌స్టాల్ చేసుకునే వీల్లేదు, నాన్నేమో వీపీఎన్ ఆన్ అయితే వచ్చే ఆ తాళంచెవి గుర్తు కనపడగానే ఫోన్ చార్జింగ్ తినేస్తోందని ఆపేస్తాడు.

పెట్టడం పెద్ద పనేం కాదు. నాస్‌లో వెబ్‌డావ్ ప్యాకేజీ వేసి, హెచ్‌టీటీపీఎస్ మాత్రమే ఆన్ చేసి (నా పెట్టెలో అది 5006 పోర్టు), ఒక డొమైన్ పేరుకు ఉచిత సర్టిఫికెట్ తీసుకుని, రూటర్లో ఆ పోర్టును నాస్ వైపు మళ్లించాను. మామూలు హెచ్‌టీటీపీ పోర్టు తెరవలేదు, ఎందుకంటే సాధారణంగా వాడే లాగిన్ పద్ధతిలో పాస్‌వర్డ్ ప్రతి అభ్యర్థనతోనూ వెళ్తుంది, అదీ ఎవరైనా విప్పి చదువుకునేలా. ఆవిడకో యూజరు, నాన్నకో యూజరు, ఒక్కొక్కరికి తమ ఫోల్డర్ మాత్రమే.

నేను చిక్కుకున్నది రూటర్ దగ్గర. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇంట్లోంచి తెరుచుకుంటోంది, బయటి నుంచి మాత్రం చడీచప్పుడూ లేదు. రెండు రోజులు ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నాక రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే రూటర్‌కు బయటి వైపు ఇచ్చిన చిరునామా చూస్తే 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న ఐపీ కనపడిందంటే మీది నిజమైన పబ్లిక్ ఐపీ కాదు, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే ఐపీ వెనకాల చాలా ఇళ్లను కూర్చోబెట్టిందన్నమాట. మీ రూటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాడు ఆ గేటు దగ్గరే ఆగిపోతాడు. కస్టమర్ కేర్ అమ్మాయికి ఇది చెప్పడానికి మూడు ఫోన్లు పట్టింది, చివరికి నెలకింత అని అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నాను. నాస్ కొనకముందే ఇది చూసుకోండి, ఐదు నిమిషాల పని.

ఇక అసలు కథ. ఆవిడ ల్యాప్‌టాప్ విండోస్. ఇలా ఒక్క లైనుతో డబ్ల్యూ డ్రైవ్ వచ్చేసింది:

```
net use W: https://nas.example.net:5006/pani * /user:site
```

ఎర్రర్ 67 వస్తే చిరునామా తప్పని కంగారు పడకండి, చాలాసార్లు వెబ్‌క్లయింట్ అనే సర్వీస్ ఆగి ఉంటుంది, అంతే. ఆ సర్వీసుకు ఇక పెద్దగా భవిష్యత్తు లేదని 2023 నవంబరులోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించింది, అది తనంతట తాను మొదలు కాదు. సర్వీసు మొదలుపెడితే డ్రైవ్ వస్తుంది. (ఆ డ్రైవ్‌లో కనిపించే ఖాళీ జాగా లెక్క నమ్మకండి. నాకు ఎప్పుడూ సీ డ్రైవ్ అంకెలే చూపించేది.)

మొదటి వారం అంతా బాగుంది. ఎస్టిమేట్లు, ఫోటోలు, ఎక్సెల్ షీట్లు అన్నీ తెరుచుకున్నాయి. తర్వాత ఒక రోజు సైట్ నుంచి ఫోన్: “ఏమండీ, చిన్న ఫైళ్లన్నీ వస్తున్నాయి, ఫౌండేషన్ డ్రాయింగ్ మాత్రం రానంటోంది.” అది 68 ఎంబీ పీడీఎఫ్. ఎర్రర్ నంబర్ 0x800700DF. నెట్ బాలేదనుకున్నాం, ఇంటికొచ్చి వైఫై మీద చూసినా అదే. తప్పు నెట్‌ది కాదు, నాస్‌దీ కాదు. విండోస్ వెబ్‌క్లయింట్‌కు మామూలుగా 5 కోట్ల బైట్ల హద్దు ఉంటుంది, అంటే దాదాపు 48 ఎంబీ. దాటిన ఫైలును ముట్టుకోదు. అడ్మిన్ కమాండ్ విండోలో ఇది కొడితే హద్దు 4 జీబీ దాకా పెరుగుతుంది, అంతకు మించి పెరగదు:

```
reg add HKLM\SYSTEM\CurrentControlSet\Services\WebClient\Parameters /v FileSizeLimitInBytes /t REG_DWORD /d 4294967295 /f
net stop webclient
net start webclient
```

కంపెనీ ల్యాప్‌టాప్ కదా, దీనికి వాళ్ల ఐటీ కుర్రాడి కాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది. సరే, డ్రాయింగ్ తెరుచుకుంది. కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

హద్దు తీసేశాక బయటపడింది ఇంకోటి. విండోస్ వెబ్‌క్లయింట్‌లో ఫైలు మొత్తంగా వస్తుంది, మార్చి సేవ్ చేస్తే మొత్తంగా వెళ్తుంది. 68 ఎంబీ డ్రాయింగ్‌లో ఒక్క కాలమ్ చుట్టూ ఎర్ర గీత గీసినా 68 ఎంబీ తిరిగి ప్రయాణం చేయాల్సిందే, మారిన ముక్క మాత్రమే పంపే తెలివి వెబ్‌డావ్‌కి లేదు. సైట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ వస్తే గొప్ప, ఆ లెక్కన 544 మెగాబిట్లకు రెండు నిమిషాలకు దగ్గర పడుతుంది. ఆ రెండు నిమిషాలూ విండోస్ సరైన సూచనేమీ ఇవ్వదు. ప్రోగ్రామ్ కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది, అంతే.

ఒక సాయంత్రం వాన మొదలవుతుంటే ఆవిడ గబగబా ఆర్2, అంటే రెండో సవరణ డ్రాయింగ్ మీద మార్కింగ్‌లు చేసి, ఆర్3 అని కొత్త పేరుతో సేవ్ చేసి, ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టేసింది. ఇంటికి వచ్చి చూస్తే ఆర్3 ఫైలు ఉంది, సైజు జీరో కేబీ. “మీరేమైనా ముట్టుకున్నారా?” అని నా వైపు చూసింది. నేను ముట్టుకోలేదు. విండోస్ ముందు ఆ పేరుతో ఖాళీ ఫైలు సృష్టిస్తుంది, దానికి తాళం వేస్తుంది, ఆ తర్వాతే అసలు సరుకు పంపుతుంది. మధ్యలో మూత మూస్తే ఖాళీ గిన్నె మాత్రం మిగులుతుంది. పోయిన ఫైలును వెనక్కి తెచ్చుకోవడానికి నాస్‌లో రోజూ స్నాప్‌షాట్‌లు తీస్తున్నానని ధీమాగా ఉండేవాణ్ణి, కానీ నాస్ దాకా రానే రాని దాన్ని స్నాప్‌షాట్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఆవిడే మళ్లీ గీసుకుంది. ఆ రాత్రి మాటామంతీ పెద్దగా లేవు. అప్పటి నుంచి జీరో కేబీ ఫైలు ఎక్కడ కనపడినా నేను మొదట అడిగేది మూత ఎప్పుడు మూశావని.

అప్పుడు అర్థమైంది, తగువు వెబ్‌డావ్‌తో కాదు, దాన్ని డ్రైవ్‌లా చూపించే విండోస్ పాత సర్వీసుతో. ఐటీ వాళ్లను మళ్లీ బతిమాలి, దూరంగా ఉన్న ఫోల్డర్‌ను డ్రైవ్‌లా చూపించే ఆర్‌క్లోన్, విండోస్‌లో దానికి కావాల్సిన విన్‌ఎఫ్‌ఎస్‌పీ వేయించాం. ముందు rclone config తో మా వెబ్‌డావ్ చిరునామా, యూజరు ఇచ్చి దానికి intinas అని పేరు పెట్టాను. సర్వర్ అదే, పోర్టు అదే, యూజరు అదే, డ్రైవ్ చూపించేవాడు మాత్రం మారాడు:

```
rclone mount intinas:pani W: --vfs-cache-mode full
```

ఇందులో సేవ్ చేసింది ముందు ల్యాప్‌టాప్ డిస్కులోనే ఒక మూల పడుతుంది. ఫైలు మూసిన ఐదు సెకన్లకు వెనకాల అప్‌లోడ్ మొదలవుతుంది, నెట్ పోతే మళ్లీ ప్రయత్నిస్తుంది, ల్యాప్‌టాప్ మొత్తంగా ఆపేసినా ఇంకోసారి ఇదే కమాండ్‌తో మౌంట్ చేయగానే మిగిలిపోయింది పంపుతుంది. రెండేళ్లలో జీరో కేబీ ఫైలు మళ్లీ కనపడలేదు. ఆ రెండు నిమిషాల ఎదురుచూపు పోలేదు, 68 ఎంబీ 68 ఎంబీయే, కానీ ఆవిడ దాని ముందు కూర్చోనక్కర్లేదు.

దీనికీ ఒక వంక ఉంది. ఫోల్డర్ జాబితాను ఇది ఐదు నిమిషాలు గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి నేను ఇంట్లో కొత్త ఫైలు పెట్టి ఫోన్ చేస్తే “పెట్టానన్నారు, లేదే” అంటుంది. ఉంది, ఐదు నిమిషాలు ఆగాలి. `--dir-cache-time 30s` అని చేరిస్తే తగ్గుతుంది, కానీ ఊరికే సర్వర్ తలుపు కొడుతూ ఉంటుంది, అందుకే నేను మార్చలేదు. ఇంకోటి, ఆవిడ ఆఫీసు వైఫై 443 తప్ప వేరే పోర్టు పోనివ్వదు, అక్కడ మాత్రం హాట్‌స్పాటే గతి.

ఫోన్ల సంగతి. ఐఫోన్‌లో ఉండే ఫైల్స్ యాప్ ఎస్‌ఎంబీ వరకే, వెబ్‌డావ్‌కి వేరే యాప్ కావాలి. ఆండ్రాయిడ్‌లోనూ అంతే. చదవడానికి ఏ యాప్ అయినా సరే. నాన్న పాసు పుస్తకం, ఈసీ, సేల్ డీడ్ కాపీలు రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో నిలబడి తెరిచి చూపించాడు, అప్పుడు నా మీద కాస్త గౌరవం పెరిగినట్టుంది. రాయడం దగ్గరే చిక్కు. బోరు మోటారు ఖర్చుల లెక్క ఎక్సెల్‌లో నెల రోజులు రాశాడు, నా దగ్గర చూస్తే పాతదే. “రాసినాను కదరా, యాడికి పోయింది?” యాప్ ఆ ఫైలు కాపీని ఫోన్లోకి దించి, ఆఫీస్ యాప్‌కి ఆ కాపీ ఇచ్చింది, ఆయన రాసిందంతా దాంట్లోనే ఉండిపోయింది. నాస్‌కి ఒక్క అక్షరం రాలేదు. ఎడిట్ చేసి వెనక్కి రాగానే ‘ఫైలు మారింది, అప్‌లోడ్ చేయాలా?’ అని అడిగే యాప్ వెతికి పెట్టాను. ఏ యాప్ పెట్టుకున్నా మొదట ఒక అక్షరం మార్చి, ఇంకో చోట తెరిచి చూడండి.

ఫోటోలకు దీన్ని నేను సిఫారసు చేయను. ఒకే ఫోల్డర్లో మూడు వేల ఫోటోలు పెడితే విండోస్ వెబ్‌క్లయింట్‌లో ఆ ఫోల్డర్ ఖాళీగా తెరుచుకుంది, గుండె జారిపోయింది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, జాబితాకు కూడా దానికి 10 లక్షల బైట్ల హద్దు ఉంది, ఫైలుకు వెయ్యి బైట్లు వేసుకున్నా వెయ్యి ఫైళ్లకే అయిపోతుంది. నెలవారీగా విడగొడితే కనపడ్డాయి. వేల కొద్దీ చిన్న ఫైళ్లు కాపీ చేయాలన్నా ఒక్కోదానికి రానుపోను కబుర్లు ఎక్కువై నత్తనడకే.

మా బావమరిది వాళ్లబ్బాయి పంచె కట్టు వీడియో, 11 జీబీ, ‘నీ నాస్ లింకివ్వు బావా, దించుకుంటా’ అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సులో వెళ్తున్న వాళ్ల మావయ్య చేతికిచ్చి పంపాను.