కరెంటు పొయ్యి వేడెక్కట్లేదు: కాయిల్ ఒక్కటే మార్చాలా, తీగలూ నాబ్ కూడానా, కొత్తదే కొనాలా?

శ్రీకాకుళంలో మా అత్తయ్యది 2000 వాట్ల జీ-కాయిల్ పొయ్యి. చుట్టలు చుట్టిన నల్లని గొట్టం, ముందు రెగ్యులేటరు నాబ్, పక్కన చిన్న ఎర్రలైటు. చోడి అంబలి పొంగి కాయిల్ మీద పడిన కొన్నాళ్ళకి చల్లబడిపోయింది. వీధిలో షాపువాళ్ళు చూడగానే ‘కాయిల్ పోయింది’ అని కొత్తది వేశారు. నాలుగు నెలలు తిరక్కుండా అదీ చచ్చింది. “ఏటి బాబూ, లైటు ఎలుగుతోంది గానీ పొయ్యి ఎలగట్లేదు” అని ఫోన్. నేను విజయనగరం నుంచి మల్టీమీటరు పట్టుకుని వెళ్ళాను.

ప్లగ్ పీకి, అడుగు రేకు విప్పి, ముందు కాయిల్ చూశాను. దానికొచ్చే రెండు తీగల్లో ఒకటైనా తీసేశాకే కొలవాలి, లేకపోతే మిగతా వైరింగ్ కూడా లెక్కలోకి వస్తుంది. 230 వోల్టుల మీద 2000 వాట్ల కాయిల్‌కి 26 ఓమ్‌ల చిల్లర రావాలి. 1000 వాట్లదైతే 53 దాకా. మీటరు 200 ఓమ్‌ల రేంజిలో ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్టే. మాకూ ఏమీ చూపించలేదు. కానీ తీగ తగిలించే రేకు నాలుక నల్లబడి, కాయిల్ కొసనున్న పిన్ను దగ్గర అతుకు ఊడిపోయి ఉంది. మీటరు ముల్లు పిన్ను మొదట్లోనే ఆనిస్తే 26 చూపించింది! అంటే కాయిల్ లోపల బతికే ఉంది, చచ్చింది దాని కొస.

షాపువాళ్ళు వదిలేసింది ఇదే. పాత తీగ చివరి క్లిప్పు ఉప్పు తగిలి చిలుము పట్టి వదులైంది. అలాంటి చోట కరెంటుకి అర ఓమ్ అడ్డం ఉందనుకోండి. ఈ పొయ్యి 8.7 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఆ ఒక్క చుక్క దగ్గరే 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు వాళ్ళ సోల్డరింగ్ ఐరన్‌కి 25 వాట్లు చాలు! కొత్త కాయిల్ నాలుకని కాల్చేసింది పాత క్లిప్పే. ఇంత తక్కువ అడ్డాన్ని మామూలు మీటరు సరిగ్గా పట్టుకోలేదు, కంటితోనే చూడాలి: నీలంగా మారిన రేకు, పెళుసుబారిన తొడుగు, లాగితే జారిపోయే క్లిప్పు.

అందుకే కాయిల్ ఒక్కటే మార్చడం చవకగా కనిపించినా నా లెక్కలో అదే ఖరీదు. క్లిప్పులు మెరుస్తూ బిగుతుగా ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు. కాయిల్‌తో పాటు కాలిన తీగ ముక్క కోసేసి, వేడికి ఓర్చే ఫైబర్‌గ్లాస్ తొడుగు వైరు వేసి, కొత్త క్లిప్పు గట్టిగా నొక్కించడం మేలు. అక్కడ టంకం పెట్టించొద్దు, ఆ వేడికి కరిగిపోతుంది. మామూలు ప్లాస్టిక్ వైరూ అంతే.

నాబ్ సంగతి. తీగలు విప్పి, దాని లోపలికీ బయటికీ వెళ్ళే టెర్మినళ్ళ మధ్య కొలవాలి. ఆఫ్‌లో ఏమీ రాకూడదు, ఫుల్‌లో సున్నాకి దగ్గరగా రావాలి. ఆఫ్‌లోనూ సున్నా వస్తే లోపలి కాంటాక్టులు అతుక్కుపోయాయి, మార్చాల్సిందే. ఎర్రలైటు వెలిగింది కదా అని రెగ్యులేటరు బాగుందనుకోకూడదు. ఆ లైటుకి కావలసిన కరెంటు ఎంతని! కాలిన కాంటాక్టు గుండా కూడా వెలుగుతుంది. మాది మాత్రం బాగానే ఉంది. కొందరు రెగ్యులేటరు పీకేసి డైరెక్ట్ ఇచ్చేస్తారు. పొయ్యి వెలుగుతుంది, కానీ ఎప్పుడూ ఫుల్లే, ఆపాలంటే గోడ స్విచ్చే దిక్కు. అత్తయ్య వంటింట్లో నేనైతే అది చేయను.

కొత్త పొయ్యి ఎప్పుడు కొనాలంటే, కాయిల్, రెగ్యులేటరు రెండూ పోయి రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినప్పుడు, లేదా అడుగు రేకు తుప్పుపట్టి ఎర్త్ తీగ బిగించే చోటే లేనప్పుడు. ఎర్త్ లేని ఇనుప పొయ్యికి ఏ కాయిల్ వేసీ లాభం లేదు.

కొత్త కాయిల్ బిగించే ముందు ఇంకొకటి చూశాను. పిన్నుకీ గొట్టం పైపొరకీ మధ్య మీటరు పెద్ద రేంజిలో కూడా ఏమీ చూపించకూడదు. చూపిస్తే ఆ కాయిల్ షాపులోనే వదిలేయండి. ప్లగ్ కూడా 16 ఆంపియర్లదే ఉండాలి. అత్తయ్య ఇన్నాళ్ళూ చిన్న ప్లగ్‌కి కన్వర్టర్ తగిలించి వాడుతోంది, అదీ మార్పించాను.

వారం తర్వాత మళ్ళీ ఫోన్: “కాయిలు ఎర్రగా ఎలిగి ఆరిపోతాంది, మళ్ళీ ఎలుగుతాంది. పోయిందేటి?” నాబ్ ఎక్కడుందని అడిగితే మూడు మీద ఉందంది. ఫుల్‌కి తిప్పమన్నాను. ఆరడం ఆగింది. ఫుల్ కంటే తక్కువలో రెగ్యులేటరే కాయిల్‌ని వెలిగిస్తూ ఆపుతూ ఉంటుంది, అది పోవడం కాదు.