క్లియర్ చాట్, డిలీట్ చాట్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ఇంట్లో అందరి ఫోన్లలో వాట్సాప్ స్టోరేజ్ నిండిపోయినప్పుడల్లా ఖాళీ చేసే పని నాదే. మా మియాపూర్ అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపులు, పిల్లల ట్యూషన్ గ్రూపులు కలిపి నెలకోసారైనా ఈ రెండు బటన్లలో ఏదో ఒకటి నొక్కాల్సి వస్తుంది. చాలామంది క్లియర్ అంటే కొంచెం తుడవడం, డిలీట్ అంటే పూర్తిగా తుడవడం అనుకుంటారు. అలా కాదు. మెసేజీల విషయంలో రెండూ దాదాపు ఒక్కటే. ఫోటోలు ఉంటాయా పోతాయా అన్నది కింద కనిపించే చిన్న టిక్కు తేలుస్తుంది. పోయినవి తిరిగొస్తాయా రావా అన్నది ఆ రాత్రి నడిచే బ్యాకప్ తేలుస్తుంది.

ముందు లిస్టు సంగతి. క్లియర్ చాట్ కొడితే లోపలి మెసేజీలు పోతాయి కానీ ఆ పేరు చాట్ లిస్టులో అలాగే ఉంటుంది. గ్రూపు అయితే మీరు సభ్యులుగానే కొనసాగుతారు, తర్వాత వచ్చే మెసేజీలు మామూలుగా వస్తాయి. డిలీట్ చాట్ కొడితే ఆ వరుసే లిస్టులోంచి పోతుంది. కాంటాక్ట్ మాత్రం ఫోన్‌లోనే ఉంటుంది, అవతలి మనిషి మళ్లీ మెసేజ్ పెడితే చాట్ కొత్తగా మొదలవుతుంది. గ్రూపుని డిలీట్ చేయాలంటే ముందు దాంట్లోంచి బయటికి రావాలి. మీరు వెళ్లారన్న కబురు ఇప్పుడు అడ్మిన్లకే వెళ్తుంది, కానీ మళ్లీ చేరాలంటే వాళ్లనే అడగాలి. అందుకే మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయో, లిఫ్ట్ ఎప్పుడు బాగవుతుందో తెలిసే అపార్ట్‌మెంట్ గ్రూపుకి నేను క్లియరే వాడతాను. ఏసీ మెకానిక్, ఓఎల్ఎక్స్‌లో సోఫా బేరమాడిన మనిషి, ఒక్కసారి లొకేషన్ పంపిన డెలివరీ అబ్బాయి, ఇలాంటి చాట్లకి డిలీట్. ఏది చేసినా మన ఫోన్ వరకే. అవతలివాళ్ల దగ్గర ఒక్క అక్షరం కూడా పోదు.

క్లియర్‌లో నాకు బాగా నచ్చింది స్టార్ పెట్టిన మెసేజీలను ఉంచుకునే వీలు. మెయింటెనెన్స్ ఖాతా నంబరు, వాచ్‌మన్ ఫోన్ నంబరు, మీటింగ్ తీర్మానం ఫోటో, వీటికి ముందే స్టార్ కొట్టి పెడతాను. క్లియర్ చేసేటప్పుడు స్టార్ మెసేజీలు తీసేయొద్దని ఎంచుకుంటే గుడ్ మార్నింగులన్నీ పోయి అవి మిగులుతాయి. డిలీట్‌ చేస్తే చాటే ఉండదు కాబట్టి స్టార్లు కూడా దాంతోపాటే పోతాయి.

ఇక మీడియా. ఆండ్రాయిడ్‌లో క్లియర్ కొట్టినా డిలీట్ కొట్టినా వచ్చే పెట్టెలో ఒక వాక్యం ఉంటుంది: Also delete media received in this chat from the device gallery. పక్కన టిక్కు ఉంటే ఆ చాట్‌లో వచ్చిన ఫోటోలు, వీడియోలు గ్యాలరీలోంచి కూడా పోతాయి. టిక్కు తీసేస్తే మెసేజీలే పోతాయి, ఫైళ్లు ఫోన్‌లో ఉంటాయి. స్టోరేజ్ తగ్గాలని క్లియర్ చేసి, టిక్కు లేకపోవడంతో ఒక్క జీబీ కూడా ఖాళీ కాలేదని బాధపడేవాళ్లు ఎక్కువ. ఫోటోలు ఉంటాయన్న ధీమాతో టిక్కు చూడకుండా ఓకే కొట్టేవాళ్లూ అంతే ఉన్నారు.

టిక్కు తీసి ఫోటోలు ఉంచుకున్నా ఒక నష్టం ఉంది. చాట్‌తో తెగిపోయాక ఆ ఫోటో ఒట్టి ఫైలు. దాని పేరు ఇలా ఉంటుంది:

```
IMG-20240512-WA0034.jpg
```

2024 మే 12, ఆ రోజు వరుసలో ఒక నంబరు, అంతే. ఎవరు పంపారు, దాని కింద ఏం రాశారు అన్నది ఉండదు. బోనాల ఫోటో అయితే చూడగానే తెలుస్తుంది. అదే ఒక బిల్లు ఫోటో పంపి కింద "ఇది మోటారుది, పాతది కాదు" అని రాసి ఉంటే, ఆ రాసిన మాటే అసలు సంగతి. వాయిస్ మెసేజ్ అయితే PTT అని మొదలయ్యే ఫైలు, మిగిలినా వెతికి పట్టుకోవడం గగనం. అందుకని లెక్కలున్న చాట్‌ని క్లియర్ చేసే ముందు ఎక్స్‌పోర్ట్ చాట్‌తో ఒక కాపీ మెయిల్‌కి పంపుకుంటాను.

మీరు మీ కెమెరాతో తీసి పంపిన ఫోటో సంగతి వేరు. దాని అసలు కాపీ కెమెరా ఫోల్డర్లో ఉంటుంది, ఈ బటన్లు దాని జోలికి వెళ్లవు. ఐఫోన్‌లో కూడా ఫోటోస్ యాప్‌లోకి సేవ్ అయినవి వేరే కాపీలే, చాట్ క్లియర్ చేసినా అక్కడ ఉంటాయి.

బ్యాకప్ దగ్గరే అందరూ పొరపడతారు. "డ్రైవ్‌లో ఉందిలే" అనుకుంటారు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మీ గూగుల్ ఖాతాలో ఒక నంబరుకి ఒక్క బ్యాకప్పే ఉంచుతుంది, కొత్తది వస్తే పాతది దాని కింద చెరిగిపోతుంది. అంటే ఈ సాయంత్రం చాట్ క్లియర్ చేసి, రోజువారీ బ్యాకప్ ఆన్‌లో ఉంటే, తెల్లవారేసరికి డ్రైవ్‌లో కూడా ఆ చాట్ ఉండదు. బ్యాకప్ మన ఫోన్‌కి అద్దం లాంటిది, ఫోన్‌లో లేనిది దాంట్లోనూ ఉండదు. క్లియర్, డిలీట్ రెండింటికీ ఇదే వర్తిస్తుంది. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తుంది కాబట్టి, టిక్కుతో క్లియర్ చేస్తే తర్వాతి బ్యాకప్ చిన్నదై అక్కడా చోటు మిగులుతుంది.

ఇది ఎంత సన్నని దారో మా చిన్నమ్మ ఫోన్ విషయంలో తెలిసింది. చిన్నమ్మ ఉండేది వనస్థలిపురంలో. ఫోన్ నిండిపోయిందని మనవడు సాయం చేయబోయి, బంధువుల గ్రూపుని టిక్కుతో సహా క్లియర్ చేశాడు. రాత్రి భోజనాల వేళ ఫోన్ వచ్చింది: "మొత్తం పోయినయ్ రా, పెండ్లి ఫోటోలు ఒక్కటి లేవు." నేను చెప్పిన మొదటి మాట, "చిన్నమ్మా, వైఫై, డేటా రెండూ ఆపెయ్యి, ఫోన్ పక్కన పెట్టు." నెట్ లేకపోతే డ్రైవ్ మీద కొత్త బ్యాకప్ ఎక్కదు, పాతది చెరగదు.

వెళ్లాక ముందు సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచాను. అక్కడ రెండు సమయాలు కనిపిస్తాయి, ఒకటి ఫోన్‌లోని బ్యాకప్‌ది, రెండోది గూగుల్‌ది. రెండూ ఆ తెల్లవారుజామువే, అంటే క్లియర్ చేయకముందువి. ప్రాణం కుదుటపడింది. వెంటనే ఆటోమేటిక్ బ్యాకప్‌ని ఆఫ్ చేశాను. తర్వాత ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, Android/media/com.whatsapp అనే ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నాను. యాప్ తీసేసి మళ్లీ వేసేటప్పుడు ఏది ఉంటుందో ఏది పోతుందోనన్న టెన్షన్ లేకుండా ఇది తప్పకుండా చేయాలి. ఆ రోజు వచ్చిన ముఖ్యమైన చాట్లు రెండింటిని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టాను, ఎందుకంటే బ్యాకప్ తర్వాత వచ్చినవి డ్రైవ్ నుంచి రీస్టోర్‌లో రావు. అప్పుడు వాట్సాప్ తీసేసి, మళ్లీ వేసి, అదే నంబరు, అదే గూగుల్ ఖాతాతో రీస్టోర్ కొట్టాను.

మెసేజీలు ముందు వచ్చాయి. ఫోటోలు ఆ తర్వాత వెనకాల ఒక్కొక్కటే దిగాయి, మొదట మసకగా, తర్వాత స్పష్టంగా. చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో ఫోటో చూస్తూ పేర్లు చెబుతూ కూర్చుంది. వీడియోలు మాత్రం రాలేదు. బ్యాకప్‌లో వీడియోలు కలపాలన్న ఆప్షన్ ఆమె ఫోన్‌లో ఆఫ్‌లో ఉంది, కాబట్టి అవి డ్రైవ్‌కి ఎప్పుడూ వెళ్లలేదు. అవతలివాళ్ల ఫోన్లలో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి గనక, పంపిన వదిననే మళ్లీ పంపమన్నాం.

ఫోన్‌లోనే ఉండే బ్యాకప్ చాలదా అని అడుగుతారు. అది అక్షరాల వరకే పనికొస్తుంది. రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఫోన్ లోపల ఒక ఫైలు తయారవుతుంది, చివరి ఏడు రోజులవి దాకా Databases ఫోల్డర్లో ఉంటాయి. పాత తేదీ ఫైలుని ఇలా పేరు మారిస్తే దాన్నుంచి రీస్టోర్ చేసుకోవచ్చు:

```
msgstore-2024-05-12.1.db.crypt14
msgstore.db.crypt14
```

చివరి crypt అంకె మీ ఫోన్‌లో ఏది ఉంటే దాన్నే ఉంచాలి, మార్చకూడదు. అయితే ఈ ఫైల్లో ఫోటోలుండవు. టిక్కుతో ఫోటోలు కూడా తుడిచేసి ఉంటే, దీన్ని రీస్టోర్ చేసినా మెసేజీలొస్తాయి గానీ ఫోటోల చోట మసక బొమ్మలే మిగులుతాయి. డ్రైవ్ బ్యాకప్ చెరిగి రెండు రోజులైనవాళ్లకి మాత్రం మాటలైనా దక్కేది ఇక్కడి నుంచే. ఇద్దరు ముగ్గురికి ఇలా తెచ్చిపెట్టాను కూడా.

ఇప్పుడు అసలు పనికి నేను వాడేది ఈ రెండు బటన్లకన్నా మేనేజ్ స్టోరేజ్. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా లోపల ఉంటుంది. 5 ఎంబీ దాటిన ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా చూపిస్తుంది, చాట్ల వారీగా ఎవరిది ఎంత బరువో కూడా చెబుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచి పండగ శుభాకాంక్షల వీడియోలు మాత్రం ఎంచి తీసేస్తే ఎక్కువ చోటు ఖాళీ అవుతుంది, మాటలు మాత్రం అలాగే ఉంటాయి.

చిన్నమ్మ ఫోన్‌లో డ్రైవ్ బ్యాకప్‌ని రోజువారీ నుంచి వారానికి మార్చాను. దీంతో ఎవరైనా పొరపాటున క్లియర్ కొడితే, సాధారణంగా కనుక్కోవడానికి ఒక్క రాత్రి కాకుండా కొన్ని రోజులు దొరుకుతాయి. కాకపోతే ఫోన్ పోయిందంటే వారం మెసేజీలు వదులుకోవాలి. రోజూ లెక్కలు నడిపే నా ఫోన్‌కి అది కుదరదు, అందుకే నాది రోజువారీగానే ఉంచి, పెద్ద చాట్ ఏదైనా క్లియర్ చేసేది మాత్రం పొద్దున పూట పెట్టుకుంటాను. పోకూడనిది పోయిందని తెలిసినా, మర్నాడు తెల్లవారుజామున 2 గంటలకు బ్యాకప్ నడిచేలోపు తేరుకోవడానికి రోజంతా ఉంటుంది.