రూటర్ మార్చినప్పుడు పాత వైఫై పేరే ఉంచాలా, కొత్తది పెట్టాలా?

మా ఇంట్లో వైఫై మీద నడిచేవి 14. కొత్త పేరు పెడితే ఫోన్లకు రెండు నిమిషాల పని. సీసీ కెమెరాతోనే తంటా: దాన్ని రీసెట్ చేసి, యాప్‌లో మళ్లీ మొదటి నుంచి కలపాలి. పాస్‌వర్డ్ వీధంతా తెలిసిపోయి ఉంటే మాత్రం ఆ తిప్పలు పడాల్సిందే.

పాత పేరు, పాస్‌వర్డే కొత్త రూటర్‌లో పెడితే దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. కానీ అక్షరం పొల్లుపోకూడదు. Illu_24 వేరు, illu_24 వేరు. సెక్యూరిటీ రకమూ కుదరాలి. మాకు ఫోన్లన్నీ కలిశాయి, కెమెరా ఒక్కటే మొరాయించింది. చూస్తే కొత్త రూటర్‌లో WPA3 ఒక్కటే ఆన్‌లో ఉంది, పాత కెమెరాకు అది తెలియదు. WPA2కి మార్చగానే వచ్చేసింది. అన్నట్టు, పాత రూటర్‌ను ముందే ఆపేయండి. లేకపోతే ఫోన్ దానికే అతుక్కుంటుంది, నెట్ రాదు.