మత సంస్కరణోద్యమం: కారణ–ఫలిత అభ్యాసంపై ఒక ఉపాధ్యాయుని సమీక్ష

ఉన్నత పాఠశాల చరిత్ర తరగతిలోనూ, మత విద్య తరగతిలోనూ ఈ అభ్యాసాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఐరోపాలోని మత సంస్కరణోద్యమానికి సంబంధించిన సంఘటనలను విడివిడి చీటీలపై ఇచ్చి, వాటిని కారణాలు, ఫలితాలు అనే రెండు వరుసల్లో అమర్చమని ఇందులో అడుగుతారు. ఆ తర్వాత చీటీల మధ్య బాణాలు గీయాలి. మొదటి భాగం నాకు పెద్దగా ఉపయోగపడలేదు, ఎందుకంటే మార్టిన్ లూథర్ నిరసన మొదలైన 1517కు ముందున్నవన్నీ ఒకవైపు, తర్వాతవన్నీ మరోవైపు పెడితే పిల్లలకు మార్కులు వచ్చేస్తాయి. అసలు విలువంతా బాణాలలోనే ఉంది. ప్రతి బాణం పక్కన, మొదటిది రెండోదానికి ఎలా దారితీసిందో ఒక వాక్యం రాయించడం మొదలుపెట్టాక ఈ అభ్యాసం నిజంగా పనిచేసింది.

పాప పరిహార పత్రాల చీటీనే తీసుకుందాం. "చర్చిలో అవినీతి" నుంచి "లూథర్ నిరసన"కు నేరుగా బాణం గీసి పిల్లలు సంతృప్తి పడతారు. కానీ ఆ అవినీతి అంతకుముందు వందేళ్ల నుంచీ ఉన్నదే కదా, నిరసన 1517లోనే ఎందుకు వచ్చిందని అడిగితే మధ్యలో ఖాళీ బయటపడుతుంది. ఆ ఖాళీని నింపే గొలుసు ఇది. బ్రాండెన్‌బర్గ్ రాజవంశీయుడైన ఆల్బ్రెక్ట్ అప్పటికే మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్‌గా ఉంటూ, 1514లో మైంజ్ పీఠాన్ని కూడా పొందాడు. ఒకటికి మించిన పీఠాలు ఉంచుకోవడానికి రోమ్‌కు చెల్లించవలసిన సొమ్మును ఆగ్స్‌బర్గ్‌లోని బ్యాంకర్ల కుటుంబమైన ఫుగ్గర్ల వద్ద అప్పు తీసుకున్నాడు. ఆ అప్పు తీరేందుకు వీలుగా పదవ లియో పోప్ అతని ప్రాంతాలలో పాప పరిహార పత్రాల పంపిణీకి అనుమతి ఇచ్చాడు. వచ్చిన దానిలో సగం ఫుగ్గర్లకు, సగం రోమ్‌లోని సెయింట్ పీటర్స్ నిర్మాణానికి చేరాలి. సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ తన గడ్డపై ఆ పంపిణీని నిషేధించినా, సరిహద్దు దాటి యూటర్‌బోగ్‌లో ఆ పత్రాలను పంచే బోధకుడు టెట్జెల్ బోధిస్తుంటే విటెన్‌బర్గ్ ప్రజలు అక్కడికి వెళ్లి పత్రాలు తెచ్చుకున్నారు. వారి పాపసంకీర్తనం వినే గురువుగా లూథర్ ఎదుట ఆ సమస్య వచ్చి నిలిచింది. 1517 అక్టోబరు 31న ఆయన తన 95 వాదాంశాలను పంపింది కూడా ఆల్బ్రెక్ట్‌కే. ఈ గొలుసును ఒక్కొక్క చీటీగా విడదీసి ఇస్తే పిల్లలు దీర్ఘకాలిక పరిస్థితికీ తక్షణ కారణానికీ ఉన్న తేడాను తామే పట్టుకుంటారు.

ఇదే చీటీలో ఒక తప్పు ఉంది, మత విద్య తరగతిలో దాన్ని సరిదిద్దక తప్పదు. "డబ్బిస్తే పాపాలు క్షమించేవారు" అని అందులో రాశారు. కతోలిక బోధన ప్రకారం ఆ పత్రం పాపాన్ని క్షమించదు. పశ్చాత్తాపంతో పాపసంకీర్తనం చేసి క్షమాపణ పొందిన తర్వాత కూడా మిగిలి ఉండే శిక్షను తగ్గిస్తుంది. ఈ తేడా చెప్పకపోతే, తరగతిలో కూర్చున్న కతోలిక విద్యార్థికి అన్యాయం జరగడమే కాక, లూథర్ దేనితో వాదించాడో కూడా అర్థం కాదు. గుంటూరు ప్రాంతంలో 1842 నుంచి లూథరన్ మిషన్ ఉన్నందున, మన తరగతుల్లో రెండు సంప్రదాయాల పిల్లలూ పక్కపక్కనే ఉండటం మామూలే.

ముద్రణ యంత్రాన్ని కారణాల వరుసలో పెట్టడం పైపైన సరిగానే కనిపిస్తుంది. అయితే పాప పరిహార పత్రాలను కూడా 1450ల మధ్యకల్లా మైంజ్‌లో అచ్చు వేశారని చెప్పి, అదే యంత్రం రెండు పక్షాలకూ ఎలా పనికొచ్చిందో రాయమంటాను. 1415లో కాన్‌స్టాన్స్‌లో దహనమైన చెక్ మత సంస్కర్త యాన్ హుస్ పేరుతో ఒక చీటీ కలిపితే చర్చ ఇంకా బాగుంటుంది. అతని కాలంలో ముద్రణ లేదు. లూథర్‌కు ముద్రణతో పాటు ఫ్రెడరిక్ రక్షణ కూడా ఉంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పనిచేసిందో పిల్లలు వాదించుకోవాలి.

ఫలితాల వైపు ఎక్కువ పొరపాట్లు జరిగేది 1524–25 రైతు తిరుగుబాటు దగ్గర. దాన్ని లూథర్ బోధనకు నేరు ఫలితంగా ఈ అభ్యాసం చూపిస్తుంది. బుండ్షూ పేరుతో రైతుల కుట్రలు 1493లోనే జరిగాయి, కాబట్టి దాస్యం, పన్నులపై కోపం లూథర్ కంటే పాతది. మెమ్మింగెన్‌లో 1525లో రూపొందిన 12 డిమాండ్లలో రైతులు తమ గురువును తామే ఎన్నుకునే హక్కు కోరారు, దాస్యం పోవాలని బైబిలు వాక్యాలతో వాదించారు. అంటే పాత కోపానికి కొత్త ఆధారం దొరికింది. లూథర్ మాత్రం వారికి ఎదురు నిలిచి, తిరుగుబాటును అణచమని పాలకులను కోరాడు. ఆ చీటీకి రెండు బాణాలు వచ్చి చేరాలి, ఒకటి బయటికి వెళ్లాలి: లూథరన్ చర్చి పాలకుల చేతుల్లోకి మరింతగా పోవడం వైపు.

చివరి చీటీలలో 1555 ఆగ్స్‌బర్గ్ సంధి నుంచి 1618లో మొదలైన ముప్పై ఏళ్ల యుద్ధానికి బాణం గీయడం పిల్లలకు కుదరదు, ఎందుకంటే సంధి శాంతి కోసం కదా అంటారు. పాలకుడు ఎంచుకునే మతాలుగా ఆ సంధి కతోలిక, లూథరన్ మతాలను మాత్రమే గుర్తించి, మరో సంస్కర్త కాల్విన్ అనుచరులను బయట ఉంచిందన్న చిన్న చీటీ ఒకటి నేను విడిగా రాసి ఇస్తాను. అది చేతికి వచ్చిన వెంటనే బాణం గీస్తారు.