సైలేజ్ పాతరకు లోపలి లైనర్: కొన్ని సీజన్ల వాడకం తరువాత

పచ్చిమేతను గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేసే సైలేజ్ పాతర మీద కప్పే నలుపు-తెలుపు షీటు అందరికీ తెలిసినదే కనుక దాని వివరాల జోలికి వెళ్లను. ఈ సమీక్ష ఆ షీటు కింద, మేతకు నేరుగా ఆనుకునేలా పరిచే పలుచని లైనర్ గురించి. దాని మందం 45 మైక్రాన్లు మాత్రమే. 150 మైక్రాన్ల షీటు ఆపలేని గాలిని ఈ పలుచని పొర ఆపుతుందంటే వినడానికి వింతగానే ఉంటుంది కానీ, ఇప్పుడు పాతర సామగ్రిలో ఏదైనా తగ్గించుకోవలసి వస్తే నేను అన్నిటికన్నా చివరగా వదులుకునేది దీనినే.

మామూలు పాలిథిన్ నీటిని ఆపినంత బాగా ఆక్సిజన్‌ను ఆపలేదు. ఎక్కడా చిరుగు లేకపోయినా ఆక్సిజన్ షీటులోంచే కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది, షీటు వేడెక్కే కొద్దీ ఆ చేరిక పెరుగుతుంది. తెల్లని ముఖాన్ని పైకి ఉంచమని చెప్పేది అందుకే: నల్లని ముఖం పైకి ఉంటే మిట్టమధ్యాహ్నం దాని మీద అరచెయ్యి ఆనించలేము. లైనర్‌లోనైతే పాలిథిన్ పొరల మధ్య ఈవీఓహెచ్ అనే పదార్థం సన్నని పొరగా ఉంటుంది. ఆక్సిజన్‌ను అడ్డుకునేది ఆ పదార్థమే కనుక ఇక్కడ మందం లెక్కలోకి రాదు.

దీని విలువ నాకు తెలిసింది ఒకే పాతరను రెండు విధాలుగా కప్పినప్పుడు. 6 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉన్న పాతరలో ఒకే చేనులోని మొక్కజొన్నను నింపి, ట్రాక్టరుతో తొక్కించి, ముందు సగానికి మాత్రమే లైనర్ వేసి, మొత్తం మీద కొత్త తెల్ల షీటు కప్పి, అంచుల వెంట ఇసుక సంచులు పేర్చాము. నెలల తరువాత తెరిచినప్పుడు ముందు సగంలో లైనర్ మేతకు ఎంతగా అంటుకుపోయిందంటే ట్రాక్టరు చక్రాల అచ్చులు దాని మీద స్పష్టంగా కనిపించాయి. దాని కింద మేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, పుల్లని వాసనతో, ఉపరితలం వరకూ బాగానే ఉంది. వెనుక సగానికి వచ్చేసరికి షీటు కింద నల్లని జిగట, దాని కింద తెల్లని బూజు పట్టీ, రెండూ కలిపి సుమారు 15 సెంటీమీటర్లు. ఇంకా లోపలికి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. షీటుకు మాత్రం ఒక్క రంధ్రం కూడా లేదు.

ఆ సగం వైశాల్యం 30 చదరపు మీటర్లు కనుక, 15 సెంటీమీటర్ల లోతున 4.5 ఘనపు మీటర్ల మేత పోయినట్లు. పై పొర కనుక ఘనపు మీటరుకు 500 కిలోలే అనుకున్నా రెండు టన్నులు దాటుతుంది. ఆవుకు రోజుకు 20 కిలోలు పెట్టే చోట ఇరవై ఆవులకు అయిదు రోజులకు పైబడిన మేత అది. పాడైన పొర కుంగిపోతుంది కనుక నింపినప్పుడు దాని మందం ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది.

అయితే ముందు సగం అంతా బాగుందన్న మాటను కొంచెం సవరించాలి. గోడల వెంట నాలుగు వేళ్ల వెడల్పున అక్కడ కూడా బూజు పట్టింది, ఎందుకంటే లైనర్ పైన మాత్రమే ఉండి గోడల వైపు ఖాళీగా ఉండిపోయింది. తరువాతి సీజన్ నుంచి నింపడానికి ముందే గోడలకు షీటు వేలాడదీసి, నిండిన తరువాత దాని అంచును మేత మీదికి మడిచి, ఆపైన లైనర్ పరుస్తున్నాము. బూజు చాలావరకు తగ్గింది.

లైనర్‌కు ఉన్న అసలు బలహీనత ఎండ. మేము వాడే రకానికి అతినీలలోహిత కిరణాలను తట్టుకునే శక్తి దాదాపు లేదు. మేత తీసే వైపున షీటును వెనక్కి లాగి లైనర్ అంచును అలాగే వదిలేస్తే, అది కొద్ది వారాలలోనే పెళుసెక్కి ముక్కలై మేతలో కలుస్తుంది, వాటిని ఏరడం పెద్ద పని. అందువల్ల ఆ రోజుకు కావలసినంత మేర షీటునూ లైనర్‌నూ కలిపి కోసేసి, మిగిలిన అంచు మీద వెంటనే ఒక వరుస సంచులు పేర్చాలి. లేకపోతే గాలి షీటు కిందుగా వెనక్కి పాకి లైనర్ ప్రయోజనాన్ని హరిస్తుంది.

పై షీటు ఎండకు ఎంత అలిసిందో తెలుసుకోవడానికి సంచుల కింద నీడలో ఉన్న ముక్కను, ఎండ పడిన ముక్కను పక్కపక్కన మడిచి గోటితో నొక్కి చూస్తాను. మడత దగ్గర పగులు కనిపించినా, రుద్దితే అరచేతికి తెల్లని పొడి అంటినా దానిని మళ్లీ పాతరకు వాడను. ఎండుగడ్డి బేళ్ల పైన వాన పడకుండా అది మరికొంత కాలం పనికొస్తుంది, కానీ పక్కలు తెరిచి ఉంచాలి; ఎండుగడ్డిని గాలి ఆడకుండా మూస్తే చెమ్మ షీటు కిందే బొట్లుగా దిగి పై బేళ్లకు బూజు పడుతుంది. చుట్టిన పచ్చిమేత బేళ్లకు ఈ లైనర్‌తో సంబంధం లేదు. వాటికి 25 మైక్రాన్ల సాగే ఫిల్ము పొరల సంఖ్యే ముఖ్యం, మోటు కాడల మేతకు నాలుగు పొరల కన్నా ఆరు మేలు.

మాది ఎండ తగిలే వెడల్పాటి పాతర, మేత తీసే వేగం తక్కువ, అందుకే లైనర్ ఖర్చు మాకు గిట్టుబాటు అయింది. లోతైన ఇరుకు పాతర ఉన్నవారికి, నీడపట్టున ఉన్నవారికి, రెండు మూడు నెలల్లో మేత ఖాళీ చేసేవారికి ఇంత తేడా కనిపించకపోవచ్చు. మేత సరిగా తొక్కని పాతర మీద మాత్రం దీనికి డబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను, ఎందుకంటే అక్కడ గాలి ముందే మేత లోపల ఉంటుంది.